చలి రాత్రి తర్వాత టైరు దీపం వెలిగితే: ముందు గాలి, తర్వాతే మీట

డిసెంబరు నడుమ ఒక రాత్రి, మేముండే షికాగో శివారు నేపర్‌విల్‌లో చలి ఒక్కసారిగా మైనస్ 15 డిగ్రీల సెల్సియస్‌కు దిగింది. తెల్లవారాక కారు తెర 5 ఫారెన్‌హీట్ చూపిస్తోంది. ఇంజిను మొదలుపెట్టగానే డాష్‌బోర్డు మీద పసుపు రంగు బొమ్మ వెలిగింది. గుర్రపు నాడాలా వంగిన గీత, కింద పళ్ళు పళ్ళుగా చిన్న గీతలు, నడుమ ఆశ్చర్యార్థకం. అది టైరును అడ్డంగా కోసి చూపిన బొమ్మ. ఏదో ఒక టైరులో, లేదా అన్నింటిలో, గాలి తగ్గిందని కారు చెబుతోంది.

సరిగ్గా అదే ఉదయం పై అంతస్తులో ఉండే కుర్రవాడు ఫోను చేశాడు. ఖమ్మం నుంచి వచ్చి ఏడాది కాలేదు, అమెరికాలో ఇదే మొదటి చలికాలం.

"అన్నా, టైరు లైటు మళ్ళీ వచ్చింది. మూడు వారాల క్రితం ఒకసారి వస్తే మెనూలోకి వెళ్ళి రీసెట్ చేశాను, పోయింది. ఇప్పుడు మళ్ళీ చేయనా?"

"చేయకు. నేను గేజి తీసుకుని కిందికి వస్తున్నాను."

అతడు చేసిన పనే చాలామంది చేస్తారు. ఆ రీసెట్ అనే మాట దీపాన్ని ఆర్పే మీటలా వినిపిస్తుంది. నిజానికి అది కారుకు పాఠం చెప్పే మీట. దాన్ని నొక్కితే "ఇప్పుడు టైర్లలో ఉన్న గాలే సరైన గాలి, ఇకపై దీనితోనే పోల్చుకో" అని కారుకు చెప్పినట్టు. గాలి తక్కువగా ఉన్నప్పుడు నొక్కితే తక్కువే సరైనదని కారు నేర్చుకుంటుంది. అతడి కారు ఏం నేర్చుకుందో కాసేపట్లో చెబుతాను. ముందు చలికీ ఈ దీపానికీ సంబంధం ఏమిటో చూద్దాం. అది తెలిస్తే మిగతా పనులు గుర్తు పెట్టుకోవాల్సిన అవసరమే ఉండదు.

ఒక్క రాత్రిలో గాలి ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు, కుంచించుకుంది. చల్లబడిన గాలి టైరు గోడలను తక్కువ బలంతో నెడుతుంది. కారు టైర్లకు సరిపోయే మోటు లెక్క ఇది: 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే సుమారు 5.5 సెల్సియస్ డిగ్రీలు చలి పెరిగితే టైరులో గాలి ఒత్తిడి 1 పీఎస్ఐ తగ్గుతుంది.

దీనికి తోడు రబ్బరు గుండా, వాల్వు గుండా గాలి కొద్దికొద్దిగా బయటికి పోతూనే ఉంటుంది. బాగున్న టైరులో కూడా నెలకు ఒక పీఎస్ఐ దాకా, ఒక్కోసారి అంతకన్నా కాస్త ఎక్కువే తగ్గుతుంది. ఈ రెండూ కలిసిన చోట దీపం వెలుగుతుంది. నా కారు సంగతే తీసుకోండి. దానికి కంపెనీ చెప్పిన గాలి 33 పీఎస్ఐ. సెప్టెంబరు చివర 21 డిగ్రీల వెచ్చని రోజున సరిగ్గా 33 కొట్టించాను. తర్వాత బద్ధకించి చూడలేదు. డిసెంబరు నడుమకు సహజంగా 3 పోయిందనుకుంటే, అదే 21 డిగ్రీల దగ్గర 30 ఉండేది. కానీ ఆ ఉదయం బయట ఉన్నది మైనస్ 15. ముప్పై ఆరు సెల్సియస్ డిగ్రీల తేడా. మోటు లెక్కతో 23.5 వస్తుంది, కచ్చితంగా లెక్కిస్తే టైరులో మిగిలేది సుమారు 24.5.

దీపం ఎప్పుడు వెలగాలన్నది అమెరికాలో నిబంధనగానే ఉంది. 2000లో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కార్ల మీద ఉన్న ఫైర్‌స్టోన్ టైర్ల పై పొర ఊడి ప్రమాదాలు జరిగిన తర్వాత చట్టం వచ్చింది. 2007 సెప్టెంబరు నుంచి అక్కడ అమ్మడానికి తయారయ్యే కొత్త కార్లన్నింటికీ ఈ దీపం తప్పనిసరి అయింది. చెప్పిన గాలి కన్నా 25 శాతం తగ్గేసరికి అది హెచ్చరించాలి. 33లో 25 శాతం తీసేస్తే 24.75. నా టైరులో 24.5. చలి ఒక్కటే వచ్చి ఉంటే దీపం వెలిగేది కాదు, బద్ధకం ఒక్కటే ఉన్నా వెలిగేది కాదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. దీపం వెలిగిందంటే గాలి కొంచెం తగ్గిందని కాదు, నాలుగో వంతు పోయిందని. "చలికి అలాగే వస్తుందిలే, నడిపితే పోతుంది" అనేవారు మరిచేది ఇదే. పోవడం నిజమే. అరగంట నడిపితే టైర్లు వేడెక్కి మూడు నాలుగు పీఎస్ఐ పెరుగుతుంది, చాలా కార్లలో దీపం ఆరిపోతుంది. సాయంత్రం ఆపి, రాత్రి చల్లబడి, మళ్ళీ ఉదయం వెలుగుతుంది. మధ్యలో ఎవరూ గాలి నింపలేదు కదా.

దీపాన్ని ముందు కళ్ళతో చదవండి

వెలిగి నిలకడగా ఉంటే గాలి తక్కువ. అలా కాకుండా కారు మొదలుపెట్టగానే ఒక నిమిషం, నిమిషంన్నర పాటు మిణుకు మిణుకుమని ఆ తర్వాత ఆరకుండా వెలుగుతూ ఉండిపోతే అది గాలి సంగతి కాదు, గాలిని కొలిచే వ్యవస్థే పాడైందని అర్థం. రోజూ ఉదయం ఇలాగే మిణుకుమంటుంటే సాధారణంగా చక్రంలోని సెన్సార్ బ్యాటరీ అయిపోయి ఉంటుంది. ఆ బ్యాటరీ ఐదు నుంచి పదేళ్ళు వస్తుంది. చివరి దశలో ఉన్న బ్యాటరీ గడ్డకట్టే చలికి ముందుగా చేతులెత్తేస్తుంది కాబట్టి ఈ ఫిర్యాదు కూడా చలికాలంలోనే మొదలవుతుంది. సెన్సార్లు లేని చలికాలపు చక్రాలు బిగించుకున్నవారికీ ఇలాగే మిణుకుమంటుంది. మిణుకుమనే దీపానికి గాలి కొట్టినా, మీట నొక్కినా ఫలితం లేదు. టైర్ల దుకాణానికి వెళ్ళాల్సిందే. అప్పటిదాకా గేజితో మీరే చూసుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు కారు చూడడం లేదు.

నిలకడగా వెలిగితే దిగి కారు చుట్టూ ఒకసారి నడవండి. ఏ టైరైనా కింద పొట్ట వేసుకుని కూర్చుందా అన్నది చాలు. కానీ చూపును నమ్ముకోవద్దు. నేటి రేడియల్ టైరు 33 ఉన్నా, 25 ఉన్నా చూడడానికి ఒకేలా ఉంటుంది. కాలితో తన్ని చూడడం లారీ డ్రైవర్లకు పనికొచ్చేదేమో, మనకు పనికిరాదు.

ఎంత ఉండాలో తలుపు దగ్గర చూడండి

డ్రైవరు తలుపు తెరిస్తే కారు స్తంభం మీద ఒక తెల్లని స్టిక్కరు ఉంటుంది. ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత అని రెండు అంకెలు వేరుగా ఉంటాయి, పీఎస్ఐలోనూ కిలోపాస్కల్‌లోనూ. 33 పీఎస్ఐ అంటే 230 కిలోపాస్కల్. చల్లని టైరుకు అని అక్కడే రాసి ఉంటుంది. ముందుకూ వెనక్కూ తేడా ఉండవచ్చు, ఒకే అంకె అనుకుని నాలుగూ ఒకేలా నింపకండి.

టైరు పక్క గోడ మీద కూడా ఒక అంకె ఉంటుంది, 44 అనో 51 అనో. అది ఆ టైరు తట్టుకోగలిగే గరిష్ఠ గాలి. ఆ టైరును చేసిన కంపెనీకి అది ఏ కారుకు ఎక్కుతుందో తెలియదు. ఆ అంకె చూసి నింపితే రోడ్డును పట్టుకునే టైరు భాగం తగ్గిపోతుంది, మంచు మీద అది మరీ చెడ్డది.

చల్లగా ఉన్నప్పుడే కొలవండి

చల్లని టైరు అంటే మంచులో ఉన్న టైరు అని కాదు. మూడు గంటలు కదలకుండా ఉన్నది, లేదా ఒక మైలు కన్నా తక్కువ నడిచినది. అందుకే ఉదయం, బయలుదేరక ముందు, మన పార్కింగులోనే కొలవాలి. గ్యాస్ స్టేషన్ పంపుకు తగిలించి ఉండే గేజి ఎన్నిసార్లు కింద పడిందో ఎవరికి తెలుసు? పది, పదిహేను డాలర్ల సొంత గేజి కొనుక్కోండి. పెన్సిలులా ఉండి పుల్ల బయటికి వచ్చే రకం గట్టి చలిలో ఒక్కోసారి బిగుసుకుపోతుంది. కోటు జేబులో కాసేపు ఉంచి వాడండి, లేదా డిజిటల్‌ది తీసుకోండి.

వాల్వు మూత తీసి, గేజిని నిటారుగా, ఒక్క నెట్టుతో గట్టిగా ఆనించండి. బుస్సుమని చప్పుడు వస్తూ ఉంటే సరిగా ఆనలేదన్నమాట, మళ్ళీ పెట్టండి. రెండుసార్లు ఒకే అంకె వస్తేనే నమ్మండి. నాలుగు టైర్లవీ కాగితం మీద రాసుకోండి, ఏ మూలది ఎంత అని.

ఆ నాలుగు అంకెలే మీకు అసలు కథ చెబుతాయి. నాలుగూ దాదాపు సమానంగా, ఒకటి రెండు పీఎస్ఐ తేడాలో తగ్గి ఉంటే చలీ, కాలం కలిసి చేసిన పని. మూడు ఒకలా ఉండి ఒకటి బాగా కిందికి పోతే చలి సాకు మాత్రమే. ఆ టైరులో మేకో, వాల్వు లీకో ఉంది. ఆ ఉదయం కుర్రవాడి కారులో నాకు వచ్చిన అంకెలు ఇవి: ముందు ఎడమ 24.5, ముందు కుడి 25, వెనక ఎడమ 24, వెనక కుడి 18.

"మూడు వారాల క్రితం గాలి ఎంత ఉందో చూశావా?" అని అడిగాను.

"చూశానన్నా, ఆఫీసు దగ్గర ఒకసారి. మూడు 25 ఉన్నాయి, ఒకటి 21. చలికి అంతేనేమో అనుకున్నాను."

అంటే వెనక కుడి టైరు 21 దగ్గర ఉండగా అతడు మీట నొక్కాడు. అది 21 ఉండడమే మామూలు అని కారు నేర్చుకుంది. అక్కడి నుంచి మరో మూడు దిగజారి 18కి వచ్చేదాకా పాపం అది మౌనంగానే ఉంది. ఆ మూడు వారాలూ అతడు రోజూ హైవే మీద డెబ్బై మైళ్ళ వేగంతో నడిపాడు. తక్కువ గాలితో వేగంగా తిరిగే టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకూ వంగి నిటారవుతూ లోపల వేడెక్కుతాయి. ఆ వేడి ఎక్కువైతే టైరు పొరలు విడిపోతాయి.

18 ఉన్న టైరును గ్యాస్ స్టేషన్ దాకా కూడా నడపనివ్వలేదు. నా లెక్కలో 20 కన్నా తక్కువ ఉంటే ఉన్నచోటే నింపాలి, నింపడం కుదరకపోతే స్టెప్నీ వేయాలి.

గాలి నింపడం

సిగరెట్ లైటరు సాకెట్‌కు తగిలించే చిన్న కంప్రెసర్ చలి ప్రాంతంలో ఉండేవారి డిక్కీలో ఉండాలి. ముప్పై, నలభై డాలర్ల వస్తువు. ఒక్కో టైరుకు ఎనిమిది తొమ్మిది పీఎస్ఐ ఎక్కించడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఇంజిను నడుస్తుండగా వాడితే కారు బ్యాటరీ మీద భారం పడదు. అయితే మూసిన గరాజులో ఇంజిను నడపకండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషిని చంపుతుంది.

కంప్రెసర్ లేదు, గ్యాస్ స్టేషన్ మూడు మైళ్ళ దూరం అనుకోండి. అక్కడికి వెళ్ళేసరికి టైర్లు కొంచెం వేడెక్కుతాయి, గేజి ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు 33 దాకా నింపి ఆపితే ఇంటికొచ్చి చల్లారాక మళ్ళీ తక్కువే. దీనికి ఒక సులువు ఉంది. ఇంట్లో చల్లగా ఉన్నప్పుడు 24.5 వచ్చింది కదా, కావలసింది 33. లోటు ఎనిమిదిన్నర. పంపు దగ్గర అదే టైరు 26.5 చూపిస్తే 26.5కి ఎనిమిదిన్నర కలిపి 35 దాకా నింపండి. గేజి చూపే అంకెను వదిలేసి లోటును నింపుతున్నామన్నమాట. మర్నాడు ఉదయం చల్లగా మళ్ళీ కొలిచి సరిచూసుకుంటే పని పూర్తవుతుంది.

కారు గరాజులో ఉండేవారికి మరో చిక్కు. గరాజులో 10 డిగ్రీలు ఉంటుంది, బయట మైనస్ 15. లోపల సరిగ్గా 33 నింపి బయటికి తీస్తే కాసేపట్లో 29కి దిగుతుంది. అందుకని లోపల నింపేటప్పుడు లోపలికీ బయటికీ ఉన్న తేడా చూసుకుని, ప్రతి ఐదారు సెల్సియస్ డిగ్రీలకు ఒక పీఎస్ఐ చొప్పున కలిపి నింపండి. ఈ ఉదాహరణలో 37 దాకా. లేదంటే రాత్రంతా కారును బయట ఉంచి ఉదయం కొలవండి. నాకు రెండోదే ఇష్టం, లెక్క తక్కువ.

వాల్వు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే గడ్డకట్టే చలిలో గాలి నింపడమే ఒక్కోసారి పంక్చరు తెచ్చిపెడుతుంది. వాల్వు నోట్లో తేమ ఉండి గడ్డకడితే, మనం నెట్టిన సన్నని పిన్ను తిరిగి పైకి రాకుండా నిలిచిపోతుంది, గాలి సన్నగా పోతూనే ఉంటుంది. నింపాక వాల్వు దగ్గర చెవి పెట్టి వినండి. అనుమానంగా ఉంటే మన ఊళ్ళలో సైకిలు షాపువాళ్ళు చేసే పనే చేయండి, వేలితో కాస్త ఉమ్ము తడి వాల్వు నోటికి రాయండి. బుడగ లేస్తే లీకే. వేలితోనో వెచ్చని గుడ్డతోనో కాసేపు పట్టుకుంటే మంచు కరిగి పిన్ను దానంతట అదే పైకి వస్తుంది. తర్వాత మూత తప్పకుండా పెట్టండి, అది తేమను ఆపడానికే ఉంది. ప్లాస్టిక్ మూతే మంచిది. సెన్సార్ ఉన్న చాలా వాల్వులు అల్యూమినియంవి. వాటి మీద మెరిసే లోహపు మూత పెడితే రోడ్డు మీద చల్లే ఉప్పుకు రెండూ తుప్పుపట్టి అతుక్కుపోతాయి. దాన్ని విప్పబోయి వాల్వు కాండాన్నే విరిచినవారు ఉన్నారు. అప్పుడు సెన్సార్‌తో సహా మార్చాల్సి రావచ్చు.

నైట్రోజన్ పట్టిస్తే ఈ బాధ ఉండదని హైదరాబాదు పెట్రోలు బంకుల్లోనూ చెబుతారు, ఇక్కడి దుకాణాల్లోనూ చెబుతారు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. చలికి అదీ ఇదీ దాదాపు ఒకేలా కుంచించుకుంటాయి. రబ్బరు గుండా పోవడం కొంచెం నెమ్మదిస్తుందేమో గానీ, ఆ ఉదయం దీపాన్ని అది ఆపేది కాదు. నైట్రోజన్ ఉన్న టైరులో మామూలు గాలి కలిపినా నష్టం లేదు. తక్కువ గాలితో నడపడం కన్నా అది ఎన్నో రెట్లు మేలు.

ఇప్పుడు రీసెట్

ఇక్కడ కారును బట్టి దారి మారుతుంది. మీ కారు తెర మీద నాలుగు టైర్ల అంకెలూ విడివిడిగా కనిపిస్తుంటే ప్రతి చక్రంలోనూ గాలిని నేరుగా కొలిచే సెన్సార్ ఉన్నట్టు. కారు ఆగి ఉన్నంతసేపూ బ్యాటరీ ఆదా చేయడానికి ఆ సెన్సార్లు దాదాపు నిద్రపోతాయి. చక్రం తిరిగితేనే మేల్కొని తరచుగా సంకేతం పంపుతాయి. అందుకే గాలి నింపిన వెంటనే దీపం ఆరకపోతే కంగారు పడొద్దు. పది, ఇరవై నిమిషాలు మామూలు వేగంతో నడపండి, చాలా కార్లలో దానంతట అదే పోతుంది. మీట నొక్కాల్సిన పనే లేదు.

సెన్సార్లు ఉన్నా కొన్ని కార్లలో మీట కూడా ఉంటుంది. పాత టయోటాల్లో స్టీరింగు కింద, మోకాలి దగ్గర ఎక్కడో దాక్కుని ఉంటుంది, కొత్తవాటిలో స్టీరింగు మీది మీటలతో మెనూలోకి వెళ్ళాలి. కారు ఆపి, ఇంజిను నడవకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, పసుపు దీపం నెమ్మదిగా మూడుసార్లు మిణుకుమనేదాకా దాన్ని నొక్కి పట్టుకోవాలి. ఆ మిణుకుకు అర్థం "ఇప్పుడున్న గాలిని కొలమానంగా తీసుకుంటున్నాను" అని. టైర్లు మార్చినప్పుడో, కంపెనీ చెప్పిన గాలి మారినప్పుడో వాడడానికి పెట్టింది అది. చలికి వెలిగిన దీపానికి దాని అవసరం సాధారణంగా ఉండదు.

రెండో రకం కార్లకు చక్రంలో గాలిని కొలిచే సెన్సారే ఉండదు. చాలా హోండా, మాజ్దా కార్లు ఈ రకం. బ్రేకుల కోసం ప్రతి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కారు ఎలాగూ లెక్కిస్తూనే ఉంటుంది కదా. గాలి తగ్గిన చక్రం కాస్త చిన్నదై, మిగతావాటి కన్నా కొంచెం ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఆ తేడాను పట్టుకుని దీపం వెలిగిస్తుంది. అంటే ప్రధానంగా పోలిక మీద నడిచే వ్యవస్థ. చలికి నాలుగు టైర్లూ సమానంగా తగ్గితే దానికి తేడా పట్టుకోవడం కష్టం. కాబట్టి ఇలాంటి కారులో చలి రాత్రి తర్వాత దీపం వెలిగితే నేను చలిని అనుమానించే ముందు ఒక్క టైరును అనుమానిస్తాను. కుర్రవాడి కారు ఈ రకమే. అది మొదటిసారి వెలిగినప్పుడే నిజం చెప్పింది, వినలేదు.

ఈ రకంలో గాలి నింపాక కారుకు కొత్త పాఠం చెప్పి తీరాలి, లేకపోతే దీపం పోదు. క్రమం ఇది. నాలుగు టైర్లూ చల్లగా ఉన్నప్పుడు స్టిక్కరు మీది అంకెకు తెచ్చారని గేజితో నిర్ధారించుకోండి. కారు పార్కులో ఉంచి ఇగ్నిషన్ ఆన్ చేయండి. హోండాల్లో వాహన సెట్టింగుల మెనూలో `TPMS Calibration` అని ఉంటుంది, దాన్ని ఎంచుకుని `Calibrate` నొక్కండి. మీట ఉన్న పాత కార్లలో దాన్ని దీపం రెండుసార్లు మిణుకుమనేదాకా పట్టుకోవాలి. అక్కడితో పని ముగియలేదు, మొదలైంది. ఒక్కో చక్రం ఎలా తిరుగుతోందో నేర్చుకోవడానికి దానికి అన్నీ కలిపి సుమారు అరగంట ప్రయాణం కావాలి, సందుల్లో పాకే ప్రయాణం కాదు, రోడ్డు మీద సాఫీగా సాగేది. ఆ అరగంట ఒకే రోజు కానక్కరలేదు. మంచులో చక్రాలు జారుతున్న రోజునా, చక్రాలకు గొలుసులు కట్టినప్పుడూ, తాత్కాలిక స్టెప్నీ వేసి ఉన్నప్పుడూ ఈ పాఠం చెప్పకండి, తప్పు నేర్చుకుంటుంది.

అయినా దీపం మళ్ళీ వస్తే

అన్నీ సరిగా నింపి, సరిగా నేర్పాక కూడా వారంలోపు దీపం వస్తే రాసి పెట్టుకున్న కాగితం తీసి మళ్ళీ కొలిచి పోల్చండి. ఒకే టైరు తగ్గుతుంటే లీకు. మేకు కనబడకపోతే రిమ్ముకు టైరు ఆనే అంచు దగ్గర చూడమని దుకాణంలో అడగండి. రోడ్డు ఉప్పుకు అల్యూమినియం రిమ్ము అంచు పొక్కులు తేలి, గట్టి చలికి రబ్బరు బిరుసెక్కి, ఆ సందున గాలి పోతుంటుంది. చలికాలంలో మాత్రమే కనిపించే లీకు అది. రిమ్ము అంచును రుద్ది శుభ్రం చేసి మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది. నాలుగూ సరిగా ఉన్నా దీపం ఆరకపోతే డిక్కీ కిందికి వంగి స్టెప్నీ చూడండి. కొన్ని పెద్ద ఎస్‌యూవీల్లో దానికీ సెన్సార్ ఉంటుంది, ఏళ్ళ తరబడి దాని మొహం ఎవరూ చూసి ఉండరు.

ఇదే దీపం మన వైపు అరకులోనో లంబసింగిలోనో చలి ఉదయాన వెలిగితే? లెక్క వేసి చూశాను. వైజాగులో 30 డిగ్రీల మధ్యాహ్నం 33 కొట్టించిన టైరు, కొండ మీద 5 డిగ్రీల తెల్లవారుజామున, చలి ఒక్కదాని లెక్కతో, దాదాపు 29కి దిగుతుంది. 24.75 ఇంకా చాలా దూరం. కాబట్టి అక్కడ దీపం వెలిగితే చలి చివరి తోపు మాత్రమే, టైరులో గాలి అంతకు ముందే నాలుగైదు పీఎస్ఐ తక్కువ ఉంది. నింపి, రెండు మూడు రోజులు కొలుస్తూ ఉండండి.

కుర్రవాడి వెనక కుడి టైరులో చివరికి ఒక స్క్రూ దొరికింది, నడి భాగంలోనే, తల అరిగిపోయి రాయిలా కనిపిస్తోంది. నడి భాగం కాబట్టి లోపలి నుంచి ప్లగ్గు, ప్యాచీ కలిపి వేశారు. పక్క గోడలోనో భుజం మీదో ఉంటే టైరు మార్చాల్సి వచ్చేది. తక్కువ గాలితో మూడు వారాలు తిరిగింది కదా, పక్క గోడ లోపల రబ్బరు పొడి రాలిందేమో చూడమని నేనే అడిగాను. రాలలేదు, అదృష్టం. నాలుగూ 33కి తెచ్చి, మర్నాడు ఉదయం సరిచూసి, అప్పుడు `Calibrate` నొక్కాడు.

జనవరిలో ఒక వారం ఎండ కాసి 8 డిగ్రీలకు ఎక్కింది. ఆ మధ్యాహ్నం మళ్ళీ ఫోను.

"అన్నా, చల్లగా కొలిచినా 37 వస్తోంది. గాలి తీసేయనా?"

మైనస్ 15 దగ్గర 33 నింపిన టైరు 8 డిగ్రీల దగ్గర 37 చూపడం లెక్క ప్రకారం సరిగ్గా సరిపోయింది. పక్క గోడ మీది గరిష్ఠానికి అది ఇంకా దూరంగానే ఉంది. వాతావరణ సూచన చూస్తే సోమవారానికి మళ్ళీ మైనస్ 12. తీయొద్దన్నాను. వెచ్చదనం నిలిచాక, మార్చి చివర, ఒక ఉదయం ఇద్దరం కలిసి తీశాం.